కుళాయి ఫొటో చూసి కార్ట్రిడ్జ్ పోల్చుకోవడం

వాష్ బేసిన్ మీదో, షవర్ కిందో ఉండే సింగిల్ లివర్ మిక్సర్ కట్టేసినా చుక్కలు పడుతోందంటే చాలాసార్లు మార్చాల్సింది మొత్తం మిక్సర్‌ని కాదు, దాని కడుపులో ఉన్న కార్ట్రిడ్జ్‌ని. లివర్ పైకెత్తితే నీళ్లు రావడం, ఎడమకు జరిపితే వేడి నీళ్లు, కుడికి జరిపితే చన్నీళ్లు రావడం అంతా ఈ చిన్న ప్లాస్టిక్ డబ్బీ చేసే పనే. దాని లోపల నున్నగా సాన పట్టిన రెండు పింగాణీ బిళ్లలు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. కింది బిళ్ల కదలదు. దానికి మూడు రంధ్రాలుంటాయి: ఒకటి వేడి నీళ్లు వచ్చే దారి, ఒకటి చన్నీళ్ల దారి, మూడోది కలిసిన నీళ్లు బయటికి పోయే దారి. పై బిళ్ల లివర్‌తో పాటు జరుగుతూ ఆ రంధ్రాలను మూస్తూ తెరుస్తూ ఉంటుంది. బోరు నీళ్లతో వచ్చిన సన్నటి ఇసుక బిళ్లల మధ్య గీత పెట్టినా, అడుగున ఉన్న రబ్బరు సీళ్లు గట్టిపడి పగిలినా కుళాయి కారుతుంది.

కొత్త కార్ట్రిడ్జ్ కొనడం కష్టం కాదు. సరిపోయేది ఏదో తెలుసుకోవడమే కష్టం. కుళాయి ఫొటో తీసి సానిటరీ షాపుకో, ప్లంబర్‌కో వాట్సాప్‌లో పంపడం ఇప్పుడు మామూలైపోయింది. అయితే ఆ పంపే ఫొటో చాలాసార్లు బయటి రూపానిది. మెరిసే క్రోమ్ ఒంపులను బట్టి ఇది ఫలానా రకం మిక్సర్ అని తెలుస్తుందే తప్ప, లోపల ఏ కొలత కార్ట్రిడ్జ్ ఉందో తెలియదు. ఒకే రూపంలో ఉన్న రెండు మిక్సర్ల లోపల వేర్వేరు కార్ట్రిడ్జ్‌లు ఉండొచ్చు. పోలికే లేని రెండు మిక్సర్లలో ఒకే కార్ట్రిడ్జ్ ఉండొచ్చు. నెట్‌లో బొమ్మతో వెతికినప్పుడు వచ్చే ఫలితాలకూ ఇదే పరిమితి. అవి చూపేది పోలికే, కొలత కాదు. అందుకే కార్ట్రిడ్జ్ వెతుకులాటలో అసలు విలువ ఉన్న ఫొటో లివర్ విప్పిన తర్వాత తీసేదే.

బయటి ఫొటో పూర్తిగా వృథా అని కాదు. అన్నిటికంటే ముందు కారుతున్నది ఎక్కడినుంచో అది చెబుతుంది. నీళ్లు కుళాయి మూతి నుంచి చుక్కలుగా పడుతుంటే అనుమానం కార్ట్రిడ్జ్ మీదే. లివర్ మొదట్లో చుట్టూ ఊరుతుంటే, కార్ట్రిడ్జ్‌ను పట్టి ఉంచే ఇత్తడి నట్టు వదులై ఉండొచ్చు, లేదా అడుగు సీళ్లు పోయి ఉండొచ్చు. కారడం లేదు గానీ ధార సన్నబడింది అంటే ముందు చూడాల్సింది మూతి దగ్గరి జాలీని. ఉప్పు నీళ్లు వచ్చే ఇళ్లలో ఆ జాలీ తెల్లటి పొరతో పూడుకుపోవడం సాధారణం. దాన్ని విప్పి కడిగితే సరిపోయే చోట కార్ట్రిడ్జ్ కొనడం డబ్బు దండగ. షవర్ డైవర్టర్‌లో అయితే, నీళ్లు షవర్‌కు మళ్లించినా కింద కుళాయి నుంచి కూడా పడుతున్నాయంటే లోపం వేడినీ చల్లనీ కలిపే కార్ట్రిడ్జ్‌లో కాదు, నీటిని మళ్లించే భాగంలో. ఆ రెండూ వేర్వేరు స్పేర్లు. షాపువాళ్లకు ఫొటోతో పాటు ఈ లక్షణం కూడా ఒక్క ముక్కలో రాసి పంపాలి.

బయటి ఫొటో ఇచ్చే రెండో సమాచారం కంపెనీ పేరు. అది ఎక్కువగా లివర్ మీదో, మిక్సర్ ఒంటి ముందు భాగంలోనో, కన్సీల్డ్ ఫిట్టింగ్ అయితే గోడకు ఆనుకున్న పళ్లెం మీదో సన్నగా చెక్కి ఉంటుంది. ఉప్పు పొర కింద పేరు కనబడకపోతే నిమ్మరసం కొద్దిగా నీళ్లలో కలిపి, గుడ్డ తడిపి కాసేపు అద్ది ఉంచి తుడిస్తే అక్షరాలు బయటపడతాయి. ఫొటో తీసేటప్పుడు ఫ్లాష్ వేస్తే క్రోమ్ తళుక్కున మెరిసి అక్షరాలు మాయమవుతాయి. ఫ్లాష్ ఆపి, టార్చి వెలుగు పక్కనుంచి ఏటవాలుగా పడేలా పట్టుకుంటే చెక్కిన గీతల్లో నీడ నిలిచి పేరు స్పష్టంగా వస్తుంది. కంపెనీ పేరు తెలిస్తే ఆ కంపెనీ సర్వీసు కేంద్రానికి ఫోన్ చేయవచ్చు. బిల్లు దాచి ఉంటే ఇంకా సులువు; బిల్లు మీద ఉన్న ఉత్పత్తి కోడ్‌తో స్పేర్ నేరుగా దొరుకుతుంది. ఎటొచ్చీ బిల్డర్ అమర్చిన ఫిట్టింగులున్న ఫ్లాట్లలో ఆ బిల్లు ఇంట్లో ఉండదు. ఉన్న పేరు కూడా ఒక్కోసారి ఎవరూ వినని పేరై ఉంటుంది. అప్పుడు మిగిలే దారి విప్పి చూడటమే.

విప్పే ముందు నీళ్లు కట్టేయాలి. బేసిన్ మిక్సర్ అయితే బేసిన్ కింద వేడి నీళ్లకొకటి, చన్నీళ్లకొకటి యాంగిల్ కాక్‌లు ఉంటాయి, రెండూ కట్టాలి. గోడలో దాగి ఉన్న షవర్ మిక్సర్‌కు చాలా ఇళ్లలో విడిగా కాక్ ఉండదు కాబట్టి బాత్రూమ్‌కు వచ్చే వాల్వ్, అదీ లేకపోతే ట్యాంకు దగ్గరి వాల్వ్ కట్టాలి, గీజర్ ఆపేయాలి. తర్వాత లివర్ ఎత్తి పైపులో మిగిలిన నీటిని వదిలేయాలి. బేసిన్ రంధ్రంలో ఒక గుడ్డ కుక్కడం మర్చిపోకూడదు, జారిపడిన చిన్న స్క్రూ మళ్లీ దొరకదు. లివర్ ముందో వెనకో ఎరుపు, నీలం రంగుల చిన్న బిరడా ఉంటుంది. దాన్ని గోటితో లేపితే లోపల అలెన్ కీ పట్టే స్క్రూ కనిపిస్తుంది. దాన్ని వదులు చేస్తే లివర్ పైకి వస్తుంది. దాని కింద గుండ్రటి క్రోమ్ టోపీ, టోపీ కింద ఇత్తడి నట్టు. నట్టు విప్పితే కార్ట్రిడ్జ్ చేత్తోనే పైకి వచ్చేస్తుంది. ఉప్పు పట్టి బిగుసుకున్న చోట రెంచికి గుడ్డ చుట్టి మెల్లగా తిప్పాలి. గోడలో ఉన్న ఫిట్టింగ్‌ను మాత్రం బలం పెట్టి తిప్పకూడదు; లోపలి పైపు జాయింటు మెలిపడితే గోడ పగలగొట్టాల్సి వస్తుంది.

లివర్, టోపీ, నట్టు, కార్ట్రిడ్జ్ ఒక్కొక్కటీ తీస్తున్నప్పుడే ఒక్కో ఫొటో తీసుకుంటే తిరిగి బిగించేటప్పుడు ఏది ముందో ఏది వెనకో తెలుస్తుంది. కార్ట్రిడ్జ్ ఏ వైపు తిరిగి కూర్చుందో కూడా అందులో నమోదై ఉంటుంది. కొత్తది సరిగ్గా కూర్చోబెట్టడానికి ఆ ఒక్క ఫొటో పనికొస్తుంది.

ఇక కార్ట్రిడ్జ్‌ని పోల్చుకునే గుర్తులు. మొదటిది దాని ఒంటి వ్యాసం. ఇళ్లలోని సింగిల్ లివర్ మిక్సర్లలో ఎక్కువగా కనిపించేవి 35 మిల్లీమీటర్లవి, 40 మిల్లీమీటర్లవి. సన్నటి బేసిన్ మిక్సర్లలో 25 మిల్లీమీటర్లవీ ఉంటాయి. 35 ఉన్న చోట 40 దిగనే దిగదు. 40 ఉన్న చోట 35 వేస్తే గూటిలో అటూ ఇటూ ఆడుతుంది, రంధ్రాలు రంధ్రాల మీదికి రావు. రెండో గుర్తు అడుగు భాగం. కొన్నిటి అడుగు చదునుగా ఉండి, రంధ్రాల చుట్టూ రబ్బరు సీళ్లు మాత్రమే పైకి ఉబికి ఉంటాయి. కొన్నిటికి అడుగున పీటలాంటి ఎత్తు భాగం ఉండి, దాని చుట్టూ ఓ-రింగ్ ఉంటుంది. వ్యాసం ఒకటే అయినా ఈ రెండు రకాలూ ఒకదాని బదులు ఒకటి పనికిరావు. చదును అడుగున్నది పీట గూటిలో పెడితే సీళ్లు అడుగును తాకవు, నీళ్లు వదలగానే పక్కలనుంచి చిమ్ముతాయి. కలిసిన నీళ్లు బయటికి పోయే దారి కూడా చూడాలి. కొన్నిటికి అది అడుగునే మూడో రంధ్రంగా ఉంటుంది, కొన్నిటికి ఒంటి పక్కన కిటికీలా తెరిచి ఉంటుంది. అడుగున రెండు చిన్న ముల్లుల్లాంటి పొడుచుకొచ్చిన భాగాలుంటాయి. మిక్సర్ గూటిలో వాటికోసం గుంటలుంటాయి కాబట్టి వాటి దూరం, చోటు రెండూ కలవాలి.

మూడో గుర్తు ఎత్తు. అడుగు నుంచి భుజం వరకు ఎంత, భుజం పైన లివర్ పట్టుకునే కాడ ఎంత అన్నది విడివిడిగా చూడాలి. భుజం ఎత్తు తక్కువైతే నట్టు పూర్తిగా బిగించినా కార్ట్రిడ్జ్ అడుగుకు నొక్కుకోదు. కాడ పొట్టిదైతే లివర్ స్క్రూకు పట్టు దొరకదు, పొడవైతే లివర్‌కూ టోపీకీ మధ్య ఖాళీ మిగులుతుంది. ఇవన్నీ కలిస్తే కంపెనీ పేరు కలవకపోయినా నష్టం లేదు. కుళాయి కంపెనీలు చాలా వరకు కార్ట్రిడ్జ్‌లను సొంతంగా చేయవు, వాటికే పేరుపొందిన తయారీదారుల దగ్గర కొంటాయి. స్పెయిన్‌కు చెందిన సెడాల్, హంగరీకి చెందిన కెరాక్స్ అలాంటివే. కార్ట్రిడ్జ్ ఒంటి మీద ఇలాంటి పేరో, అచ్చులో పడిన అంకెలో కనిపిస్తే వాటిని విడిగా దగ్గరగా ఫొటో తీయాలి. మిక్సర్ మీది పేరు కంటే వాటి విలువే ఎక్కువ. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోయి చిన్న అక్షరాలు చెదిరిపోతాయి. డాక్యుమెంటుగా పంపితే తీసింది తీసినట్టు చేరుతుంది.

ఫొటోలో పొరపాటు ఎక్కువగా జరిగేది కొలత దగ్గరే. ఫొటోకు తనంతట తానుగా కొలత ఉండదు. పక్కన కొలత తెలిసిన వస్తువు పెట్టాలి. 10 రూపాయల నాణెం ఇందుకు బాగా సరిపోతుంది. రెండు రంగుల ఆ నాణెం వ్యాసం 27 మిల్లీమీటర్లు. రూపాయి, 2, 5 రూపాయల నాణేల కొలతలు సిరీస్‌ను బట్టి మారాయి కాబట్టి వాటిని వాడకపోవడం మంచిది. నాణెం లేకపోతే ఏటీఎం కార్డు పెట్టవచ్చు. ఏ బ్యాంకుదైనా దాని పొడవు 85.6 మిల్లీమీటర్లు, వెడల్పు 54.

హైదరాబాద్‌లోని ఒక అపార్టుమెంటులో పేరు అరిగిపోయిన బేసిన్ మిక్సర్ ఉందనుకుంటే పని ఇలా సాగుతుంది. మిక్సర్ ఒళ్లు లావుగా ఉంది. బయటి ఫొటో చూసిన షాపతను ఇది 40 అయి ఉంటుందన్నాడు. కార్ట్రిడ్జ్ విప్పి, బల్ల మీద నిలబెట్టి, పక్కన 10 రూపాయల నాణెం ఉంచి, ఫోన్‌ను సుమారు 20 సెంటీమీటర్ల ఎత్తున పట్టుకుని పైనుంచి ఫొటో తీశారు. ఫోన్ తెర మీద స్కేలు పెట్టి చూస్తే నాణెం 36 మిల్లీమీటర్లు, కార్ట్రిడ్జ్ 55 మిల్లీమీటర్లు ఉన్నాయి. 55ని 36తో భాగించి 27తో గుణిస్తే 41 దాటుతుంది. అంటే 40 కార్ట్రిడ్జే అనిపిస్తుంది, షాపతను చెప్పిందీ అదే. ఆ లెక్కతో 40 తెచ్చి చూస్తే గూటిలో దిగలేదు.

లెక్కలో తప్పు లేదు, ఫొటో తీసిన తీరులో ఉంది. నాణెం బల్ల మీద ఉంది. ఫొటోలో కొలిచిన కార్ట్రిడ్జ్ భుజం బల్లకు 3 సెంటీమీటర్లు పైన ఉంది. అంటే కెమెరాకు నాణెం 20 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, భుజం 17 సెంటీమీటర్ల దూరంలోనే ఉంది. దగ్గరున్నది పెద్దదిగా కనిపిస్తుంది. ఎంత పెద్దదిగా అంటే 20ని 17తో భాగించినంత, దాదాపు 1.18 రెట్లు. 35 మిల్లీమీటర్ల కార్ట్రిడ్జ్ ఆ ఫొటోలో అచ్చంగా 41 మిల్లీమీటర్లదిగా కనిపించింది. చేతిలో పట్టుకుని దగ్గర నుంచి తీసే ఫొటోల్లో 35ను 40గా పొరబడటానికి ఇదే కారణం. కొనేవాళ్లకు గానీ అమ్మేవాళ్లకు గానీ ఈ తేడా కంటికి ఆనదు.

సరిదిద్దుకోవడం తేలికే. నాణేన్ని కొలిచే భాగంతో సమానమైన ఎత్తులో ఉంచాలి. ఒక చిన్న గ్లాసులో బియ్యం పోసి, కార్ట్రిడ్జ్ కాడను అందులోకి గుచ్చితే అడుగు భాగం పైకి చూస్తూ నిలబడుతుంది. ముందు అడుగు ఒక్కదాన్నే ఫొటో తీయాలి. రంధ్రాలూ సీళ్లూ ముల్లులూ అన్నీ అందులో పడతాయి. తర్వాత నాణేన్ని సరిగ్గా అడుగు మీదే పెట్టి, ఫోన్‌ను మీటరు దూరం జరిపి, జూమ్ చేసి ఇంకో ఫొటో తీయాలి. కెమెరా అడుగుకు నిటారుగా ఉండాలి. నాణెం ఫొటోలో కోడిగుడ్డు ఆకారంలో వస్తే కెమెరా వాలిందని అర్థం. ఆ బేసిన్ కార్ట్రిడ్జ్‌నే ఇలా తీస్తే తెర మీద నాణెం 36, అంచు నుంచి అంచుకు కార్ట్రిడ్జ్ 47 వచ్చాయి. లెక్క వేస్తే 35 చిల్లర. అంకెలు లేకుండా కంటితో కూడా పోల్చుకోవచ్చు: నాణెం నడిమధ్యన ఉంటే 35 కార్ట్రిడ్జ్‌కు చుట్టూ 4 మిల్లీమీటర్ల అంచు మిగులుతుంది, 40కి ఆరున్నర. మూడో ఫొటో పక్కనుంచి. ఇందులో స్కేలును కార్ట్రిడ్జ్‌కు ఆనించి నిలబెడితే భుజం ఎత్తు, కాడ ఎత్తు రెండూ కనిపిస్తాయి.

ఈ మూడు ఫొటోలతో పాటు గూటి లోపలిది కూడా ఒకటి పంపితే ట్రూప్ బజార్ లాంటి చోట అలవాటైన షాపతను పెట్టెలోంచి సరైనది తీసివ్వగలడు. పాతదాన్నే చేత్తో పట్టుకెళ్తే ఇంత శ్రమ ఎందుకన్న సందేహం సబబే. వీలైతే అదే మేలు. అయితే కార్ట్రిడ్జ్ లేని మిక్సర్‌కు నీళ్లు వదలలేం. షవర్ మిక్సర్ అయితే బాత్రూమ్ మొత్తం ఆగిపోతుంది. ఫొటోలు తీసుకుని పాతదాన్ని తిరిగి బిగిస్తే, కొత్తది దొరికేదాకా చుక్కలు పడుతున్నా బాత్రూమ్ వాడుకోవచ్చు.

వేడికి ఒకటి, చల్లకు ఒకటి విడి పిడులున్న పాత మిక్సర్లలోనూ, మామూలు పిల్లర్ కాక్‌లలోనూ ఉండేది కార్ట్రిడ్జ్ కాదు, స్పిండిల్. పావు చుట్టులో తెరుచుకునే వాటిలో పింగాణీ బిళ్లలుంటాయి. నాలుగైదు చుట్లు తిప్పాల్సిన వాటిలో రబ్బరు వాషర్ ఉంటుంది, అది అరిగితే వాషర్ ఒక్కటి మారిస్తే చాలు. స్పిండిల్ ఫొటోలో చూడాల్సినవి మర కొలత, పిడి పట్టే కాడ మీది పళ్ల సంఖ్య, తిరిగే వైపు. మర దగ్గర ఒక తికమక ఉంది. అర అంగుళం మర అన్నదాన్ని స్కేలుతో కొలిస్తే 12.7 మిల్లీమీటర్లు రాదు, సుమారు 21 వస్తుంది. ముప్పావు అంగుళం అన్నది 26 దాటుతుంది. పైపు మరల పేర్లు పైపు లోపలి రంధ్రాన్ని బట్టి వచ్చాయి గానీ మర బయటి కొలతను బట్టి కాదు. ఫొటోలో 21 కొలిచి అంగుళానికి దగ్గర అనుకుని అడిగితే షాపులో వేరే స్పిండిల్ ఇస్తారు. పళ్లు 20 ఉన్నవీ, 24 ఉన్నవీ కంటికి ఒకేలా ఉంటాయి. స్కెచ్ పెన్నుతో ఒక పంటి మీద చుక్క పెట్టి, కాడను నిటారుగా పైనుంచి తీసిన ఫొటోను పెద్దది చేసుకుని చుక్క దగ్గర మొదలుపెట్టి లెక్కించాలి. పిడి లివర్ ఆకారంలో ఉన్న మిక్సర్లలో వేడి వైపు స్పిండిల్, చల్ల వైపు స్పిండిల్ ఎదురెదురుగా తిరుగుతాయి. ఏ వైపుదో చెప్పకుండా కొంటే పిడి గోడ వైపు తెరుచుకుంటుంది.

కొత్త కార్ట్రిడ్జ్ పెట్టే ముందు గూడు అడుగున ఉన్న ఉప్పు పెళుసులనూ ఇసుకనూ గుడ్డతో పూర్తిగా తుడవాలి. ఒక్క రేణువు సీలు కింద ఉన్నా కొత్తది కూడా కారుతుంది, తప్పు కార్ట్రిడ్జ్‌దనిపిస్తుంది. ముల్లులు గుంటల్లో కూర్చున్నాకే నట్టు వేయాలి. నట్టు మరీ బిగిస్తే లివర్ బరువెక్కుతుంది, చాలకపోతే లివర్ మొదట్లో నీళ్లు ఊరుతాయి. లివర్ ఎడమకు జరిపితే చన్నీళ్లు వస్తున్నాయంటే, విప్పినప్పటి ఫొటోతో పోల్చి చూడాలి. కొన్ని కార్ట్రిడ్జ్‌ల ముల్లులు ఒకే రకంగా ఉండటం వల్ల తిరగేసి కూడా కూర్చుంటాయి.

అన్ని కొలతలూ సరిగ్గా తీసినా సాటి దొరకని సందర్భాలుంటాయి. బేసిన్ మిక్సర్‌కు అది పెద్ద నష్టం కాదు. రెండు గొట్టాలు విప్పి కొత్త మిక్సర్ పెట్టేయవచ్చు. గోడలో దాగిన షవర్ మిక్సర్‌కు మాత్రం కార్ట్రిడ్జ్ కూర్చునే ఇత్తడి ఒళ్లు టైల్స్ వెనక ఉంటుంది. బయటి లివర్, పళ్లెం అదే కంపెనీ అదే ఒంటికి చేసినవే సరిపోతాయి గానీ ఇంకోటి పట్టదు. కాబట్టి కన్సీల్డ్ ఫిట్టింగ్‌కు కంపెనీ సర్వీసు కేంద్రం, కార్ట్రిడ్జ్ ఒంటి మీది పేరు, మూడు ఫొటోల కొలతలు అన్నీ ప్రయత్నించి, ఎక్కడా దొరకలేదని తేలాకే టైల్స్ తీయించాలి.